అట్టముక్క మీద సూర్యబింబం



పెంకుటింట్లో మిట్టమధ్యాహ్నం నేల మీద ఎండ బిళ్లలు పడుతుంటాయి. పెంకుల మధ్య సందులు గుండ్రంగా ఉండవు. ఒకటి చీలికలా ఉంటుంది, ఇంకొకటి మూడు మూలలతో ఉంటుంది. అయినా కింద పడే బిళ్ల మాత్రం గుండ్రంగానో, కాస్త సాగిన కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటుంది. వేపచెట్టు కింద నిలబడినా ఇదే కనిపిస్తుంది. ఆకుల మధ్య సందులు ఎన్ని వంకరలు తిరిగినా నేల మీది వెలుగుమచ్చలు గుండ్రనివే.

కారణం ఒక్కటే. ఆ మచ్చ సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. గ్రహణం రోజున ఈ సంగతి ఎవరికైనా తేటతెల్లమవుతుంది. సూర్యుడు సగం కొరికినట్టు కనిపించే వేళ చెట్టు కింది మచ్చలన్నీ ఒకేసారి నెలవంకలవుతాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలుగు నేల మీదుగా సాగింది. అటువంటి రోజున ఆకాశం వైపు చూడకుండానే, కాళ్ల దగ్గర నేలను చూస్తూ గ్రహణం ఎంత పట్టిందో చెప్పవచ్చు.

నేల మీద పడింది సూర్యుడి బొమ్మే అయితే, దాన్ని స్కేలుతో కొలవవచ్చు. ఆ కొలత నుంచి సూర్యుడి వ్యాసం ఎన్ని కిలోమీటర్లో తేల్చవచ్చు. ఈ లెక్కకు తొమ్మిదో తరగతి జ్యామితి చాలు. అయితే అందులో ఒక చిక్కు దాగి ఉంది. ఐరోపాలో పేరుమోసిన ఖగోళవేత్తలనే అది తప్పుదారి పట్టించింది.

ముందు లెక్క చూద్దాం. ఒక అట్టకు సూదిబెజ్జం చేసి ఎండకు అడ్డం పెడతాం. సూర్యుడి పై అంచు నుంచి వచ్చే వెలుగు బెజ్జంలోంచి దూరి కిందికి పోతుంది. కింది అంచు నుంచి వచ్చేది పైకి పోతుంది. బెజ్జం దగ్గర రెండూ కత్తెర వేసుకుంటాయి. దాంతో బెజ్జానికి అటు ఒక పెద్ద త్రిభుజం, ఇటు ఒక చిన్న త్రిభుజం ఏర్పడతాయి. రెండూ సరూప త్రిభుజాలు. కాబట్టి బెజ్జం నుంచి తెర దూరాన్ని బొమ్మ వ్యాసంతో భాగిస్తే ఎంత వస్తుందో, భూమి నుంచి సూర్యుడి దూరాన్ని సూర్యుడి వ్యాసంతో భాగించినా అంతే రావాలి.

ఆ సంఖ్య సగటున 107న్నర. తెర 1 మీటరు దూరంలో ఉంటే బొమ్మ 9.3 మిల్లీమీటర్లు ఉంటుంది. 2 మీటర్లయితే 18.6, 4 మీటర్లయితే 37.2 మిల్లీమీటర్లు.

అట్ట మనకు ఇచ్చేది ఈ నిష్పత్తి ఒక్కటే. ఎన్ని కిలోమీటర్లన్నది అది చెప్పదు. దూరం వేరే దారిలో తెలియాలి. ఈ తేడా ఎంత పెద్దదో మన సూర్యసిద్ధాంతం చూస్తే బోధపడుతుంది. ఆ గ్రంథం భూమి వ్యాసం 1600 యోజనాలని, సూర్యుడి వ్యాసం 6500 యోజనాలని చెబుతుంది. సూర్యుడి కక్ష్య చుట్టుకొలత 43,31,500 యోజనాలని కూడా ఇస్తుంది. చుట్టుకొలత నుంచి దూరం లెక్కగట్టి 6500తో భాగిస్తే 106 వస్తుంది. ఈనాటి లెక్క 107న్నర. అంటే సూర్యబింబం ఆకాశంలో ఎంత మేర కనిపిస్తుందన్నది ఆ గణకులకు చాలా చక్కగా తెలుసు. తేడా వచ్చింది దూరంలో. వారు అనుకున్న దూరం అసలు దూరంలో సుమారు 27వ వంతే. అందువల్ల వ్యాసం కూడా అదే లెక్కన తగ్గిపోయి, సూర్యుడు భూమికి నాలుగింతలే ఉన్నట్టు తేలింది. నిజానికి సూర్యుడి వ్యాసం భూమి వ్యాసానికి 109 రెట్లు.

ఆ దూరాన్ని నికరంగా తెలుసుకోవడానికి 18, 19 శతాబ్దాల్లో ప్రపంచమంతా శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటే రోజుల కోసం కాచుకుంది. 1874 డిసెంబరు 9న అలాంటి రోజు వచ్చింది. ఆనాడు విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు కట్టించిన వేధశాల నుంచి ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు శుక్రుడి ప్రయాణాన్ని పరిశీలించి నమోదు చేశారు. దేశదేశాల్లో అలా పోగుచేసిన కొలతలతో దూరం క్రమంగా తేటపడింది. ఈనాడు సగటున 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లని వాడుతున్నాం. అట్ట మీద దొరికిన నిష్పత్తితో ఈ సంఖ్యను భాగిస్తే వచ్చేదే సూర్యుడి వ్యాసం.

ఇక ఆ చిక్కు సంగతి. సూదిబెజ్జం అన్నా దానికీ ఒక వెడల్పు ఉంటుంది. 2 మిల్లీమీటర్ల బెజ్జం అనుకుందాం. దాని పై అంచు గుండా ఒక సూర్యబింబం పడుతుంది, కింది అంచు గుండా ఇంకొకటి పడుతుంది. మధ్యలో ప్రతి బిందువు గుండానూ ఒక్కొక్కటి పడుతుంది. తెర మీద మనం చూసేది ఒకదాని మీద ఒకటి కాస్త జరిగి పడిన ఈ బింబాలన్నిటి కలయిక. దానివల్ల మచ్చ బయటి అంచు అసలు బింబం కంటే బెజ్జం వెడల్పు మేరకు, అంటే 2 మిల్లీమీటర్లు, పెద్దదవుతుంది. లోపల నిండు వెలుగు ఉన్న భాగం అంతే మేరకు చిన్నదవుతుంది. ఈ రెంటి మధ్య మసక అంచు ఉంటుంది. అసలు కొలత ఆ మసక నడుమ ఎక్కడో ఉంటుంది. కన్ను మాత్రం వెలుగు ఎక్కడ పూర్తిగా ఆగిపోయిందో అక్కడే అంచు ఉందనుకుంటుంది.

దీన్ని పట్టుకున్నవాడు యోహన్నెస్ కెప్లర్. 16వ శతాబ్దం చివర్లో ఖగోళవేత్త టైకో బ్రాహే సూర్యగ్రహణాలను సూదిబెజ్జం గుండా తెర మీద పడేలా చేసి చంద్రుడి వ్యాసం కొలిచాడు. పౌర్ణమినాడు కొలిచిన దానికంటే గ్రహణవేళ చంద్రుడు చిన్నగా కనిపించాడు. ఒకే చంద్రుడు ఒకనాడు పెద్దగా, ఒకనాడు చిన్నగా ఎలా ఉంటాడు? టైకో తన కొలతను నమ్మి, సూర్యగ్రహణంలో చంద్రబింబం కుంచించుకున్నట్టు కనిపిస్తుందని అనుకున్నాడు.

1600 జులై 10న ఆస్ట్రియాలోని గ్రాట్జ్ పట్టణంలో పాక్షిక గ్రహణం కనిపించింది. కెప్లర్ అప్పటికి అక్కడ గణితం బోధించే ఉపాధ్యాయుడు. అంగడి వీధిలో సూదిబెజ్జపు పరికరం నిలబెట్టి ఆ గ్రహణాన్ని కొలిచాడు. ఆ తరువాత ఇంట్లో ఒక విచిత్రమైన ప్రయోగం చేశాడు. వెలుగిచ్చే వస్తువుకు బదులు ఎత్తులో ఒక పుస్తకాన్ని ఉంచాడు. పుస్తకానికీ నేలకూ మధ్య చాలా మూలలున్న ఒక రంధ్రం పెట్టాడు. పుస్తకం మూలకు దారం కట్టి, ఆ దారాన్ని రంధ్రం అంచులన్నిటికీ ఆనించి తిప్పుతూ నేల మీద గీతలు గీశాడు. దారం అంటే వెలుగు కిరణమన్న మాట. మూల మూలకూ ఇలా చేస్తూ పోతే నేల మీద రంధ్రం ఆకారాలు గుంపుగా పేరుకున్నాయి. ఆ గుంపు మొత్తం చూస్తే పుస్తకం ఆకారం తేలింది.

ఆ దారపు గీతల్లోనే టైకో చిక్కు విడిపోయింది. బెజ్జం వెడల్పు మేరకు వెలుగు నాలుగు వైపులా పొంగుతుంది. సూర్యుడి అంచు బయటికి పొంగితే సూర్యుడు పెద్దవాడవుతాడు. అదే వెలుగు చంద్రుడి చీకటి లోపలికి పొంగితే చంద్రుడు చిన్నవాడవుతాడు. ఆకాశంలో చంద్రుడికి ఏమీ కాలేదు, మారినదంతా తెర మీదే. కెప్లర్ ఈ వివరణను 1604లో తన కాంతిశాస్త్ర గ్రంథంలో అచ్చువేశాడు.

కెప్లర్ నేర్పిన పాఠాన్ని ఇంటి కొలతలో ఎలా వాడుకోవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. పడమటి కిటికీ ఉన్న గది కావాలి. సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య ఎండ ఏటవాలుగా గదిలోకి చాలా దూరం వస్తుంది. కిటికీకి మందపాటి అట్ట అడ్డం పెట్టి, అందులో రూపాయి బిళ్లంత కన్నం కోసి, దాని మీద అన్నం పొట్లాలకు చుట్టే అల్యూమినియం రేకు అంటించాలి. రేకుకు సన్నని మేకుతో 2 మిల్లీమీటర్ల బెజ్జం చేయాలి. అంచులు చిరగకూడదు. ఆ ఎండ దారిలో తెల్ల కాగితం అంటించిన ఇంకొక అట్టను పట్టుకోవాలి.

ఇక్కడ కొలవవలసిన దూరం గది పొడవు కాదు. బెజ్జం నుంచి బొమ్మ నడిమధ్య దాకా, ఎండ వచ్చే ఏటవాలు దారి వెంటనే టేపు పట్టాలి. అట్ట కూడా ఎండకు ఎదురుగా నిలవాలి. అది ఒరిగితే బొమ్మ ఒక వైపు సాగుతుంది. 20 డిగ్రీలు ఒరిగితే పొడవు 6 శాతం పెరుగుతుంది. పసిగట్టడం కష్టం కాదు. బొమ్మను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిస్తే రెండూ సమానంగా ఉండాలి. లేకపోతే అట్టను సరిచేసుకోవాలి. అదీ కుదరనప్పుడు ఇరుకు వైపు కొలతనే తీసుకోవాలి. సాగేది ఒక వైపే కాబట్టి ఇరుకు వైపు కొలత చెడదు.

ఇంకొక ఇబ్బంది ఉంది. భూమి తిరుగుతుంది కనుక బొమ్మ ఒకచోట నిలవదు. సుమారు రెండు నిమిషాల్లో అది తన వెడల్పంత దూరం జరిగిపోతుంది. ఒక అంచు దగ్గర స్కేలు పెట్టి రెండో అంచు చదివేలోగా మొదటి అంచు కదిలి ఉంటుంది. ఇద్దరు మనుషులుంటే ఒకేసారి రెండు అంచుల దగ్గర పెన్సిల్ గుర్తులు పెట్టి, తర్వాత తీరిగ్గా కొలుచుకోవచ్చు.

ఇలా కొలిస్తే 2 మీటర్ల దూరంలో బొమ్మ 20.5 మిల్లీమీటర్లు, 4 మీటర్ల దూరంలో 39 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం. 2 మిల్లీమీటర్ల బెజ్జానికి రాదగిన అంకెలే ఇవి. మొదటి కొలత ఒక్కటే తీసుకుంటే 2000ను 20.5తో భాగించాలి. 97.6 వస్తుంది. 14 కోట్ల 96 లక్షలను దానితో భాగిస్తే సూర్యుడి వ్యాసం 15 లక్షల 33 వేల కిలోమీటర్లని తేలుతుంది. ఇది అసలు కంటే పదో వంతు ఎక్కువ. రెండో కొలత ఒక్కటే తీసుకుంటే 14 లక్షల 58 వేలు వస్తుంది. ఇదీ ఎక్కువే, కాకపోతే తప్పు సగమైంది. తెర దూరం జరిగే కొద్దీ బొమ్మ పెరుగుతుంది గానీ బెజ్జం చేర్చే 2 మిల్లీమీటర్లు పెరగవు కదా.

కిటుకు అక్కడే ఉంది. రెండు కొలతల్లోనూ బెజ్జం చేర్చింది ఒకే మోతాదు. ఒకదానిలోంచి ఇంకొకటి తీసేస్తే అది తనంతట తానే కొట్టుకుపోతుంది. 39 లోంచి 20.5 తీసేస్తే 18.5. తెర 2000 మిల్లీమీటర్లు వెనక్కి జరిగినందుకు బొమ్మ 18.5 మిల్లీమీటర్లు పెరిగింది. 2000ను 18.5తో భాగిస్తే 108.1. దూరాన్ని దీనితో భాగిస్తే 13 లక్షల 84 వేల కిలోమీటర్లు. ఈనాటి శాస్త్రం చెప్పే వ్యాసం సుమారు 13 లక్షల 92 వేలు. బెజ్జం ఎంతుందో కొలవకుండానే దాని తప్పును తొలగించగలిగాం.

ఈ దగ్గరితనాన్ని చూసి మురిసిపోకూడదు. 18.5 కొలతలో అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే జవాబు 37 వేల కిలోమీటర్ల దాకా మారుతుంది. మూడు భూములను పక్కపక్కన పేర్చితే వచ్చే వెడల్పు దాదాపు అంతే. అందుకే అదే దూరాల్లో పలుమార్లు కొలిచి సగటు తీయాలి. రెండుసార్లూ అంచును ఒకే పద్ధతిలో గుర్తించడం అంతకంటే ముఖ్యం. 2 మీటర్ల దగ్గర మసక బయటి అంచు, 4 మీటర్ల దగ్గర నిండు వెలుగు అంచు కొలిస్తే తీసివేతలో బెజ్జం తప్పు పోకపోగా రెట్టింపవుతుంది.

అయితే బెజ్జాన్ని మరీ చిన్నది చేసేస్తే సరిపోదా అని ఎవరికైనా తోచవచ్చు. సరిపోదు. వెలుగు తరంగం కాబట్టి ఇరుకు బెజ్జంలోంచి దూరినప్పుడు పక్కలకు విచ్చుకుంటుంది. దీన్నే వివర్తనం అంటారు. 0.3 మిల్లీమీటర్ల బెజ్జం అయితే, సూర్యుడి మీది ఒక్కో బిందువు నుంచి వచ్చే వెలుగు 4 మీటర్ల దూరంలో దాదాపు 18 మిల్లీమీటర్ల మచ్చగా పరుచుకుంటుంది. బొమ్మే 37 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు ఇది చాలా పెద్ద మసక. పైగా ఈ విచ్చుకోవడం దూరంతో పాటు పెరుగుతుంది. కనుక తీసివేత కిటుకు దీని మీద పనిచేయదు. 2 నుంచి 4 మీటర్ల దూరాలకు ఒకటిన్నర, 2 మిల్లీమీటర్ల బెజ్జం సరైన మధ్యేమార్గం. బొమ్మ ఉబ్బి, వెలవెలబోయి, అంచు ఎక్కడుందో తెలియకపోతే బెజ్జం మరీ సన్నదైందని గుర్తు. బొమ్మ గుండ్రంగా కాక బెజ్జం ఆకారంలోనే పడుతుంటే బెజ్జం మరీ పెద్దదైనా అయి ఉండాలి, తెర మరీ దగ్గరైనా ఉండాలి.

చంద్రుడికి ఈ పద్ధతి నడవదు. పౌర్ణమి చంద్రుడి వెలుగు సూర్యుడి వెలుగులో సుమారు 4 లక్షలో వంతు. సూదిబెజ్జం గుండా వచ్చే బొమ్మ స్కేలు పెట్టి కొలిచేంత వెలుగుతో ఉండదు. అందుకని అవే త్రిభుజాలను తిరగేసి వాడాలి. కిటికీ అద్దానికి సరిగ్గా 20 మిల్లీమీటర్ల వెడల్పున్న నల్ల కాగితం పట్టీ అంటించి, చంద్రుడు దాని వెనక సరిగ్గా దాగేంత వరకు వెనక్కి నడవాలి. కంటి నుంచి పట్టీ దాకా దూరం సుమారు 2 మీటర్ల 20 సెంటీమీటర్లు ఉంటుంది. నిష్పత్తి 110. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. 110తో భాగిస్తే 3,495. అసలు వ్యాసం 3,475 కిలోమీటర్లు.

అయితే కెప్లర్ పట్టుకున్న చిక్కు ఇక్కడ ఇంకొక రూపంలో ఎదురవుతుంది. రాత్రివేళ కంటిపాప 5 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. పట్టీ పక్కనుంచి వెలుగు పాప అంచుల్లోకి చేరుతుంది కాబట్టి, చంద్రుడు పూర్తిగా దాగాలంటే 1 మీటరు 65 సెంటీమీటర్ల దగ్గరికే రావలసి వస్తుంది. జవాబు మూడో వంతు ఎక్కువగా తేలుతుంది. దీనికి విరుగుడు సులువు. 1 మిల్లీమీటరు బెజ్జం ఉన్న అట్టను కంటికి ఆనించి దానిలోంచి చూస్తే పాప వెడల్పు లెక్కలోకి రాదు. ఈ పని చంద్రుడితోనే చేయాలి. సూర్యుణ్ణి బెజ్జంలోంచి గానీ, పట్టీ పక్కనుంచి గానీ, ఏ రకంగానూ చూడకూడదు. రెటీనా కాలిపోతుంది, అది కాలినప్పుడు నొప్పి కూడా తెలియదు. సూర్యుడి విషయంలో వీపు సూర్యుడి వైపు, చూపు తెర వైపు ఉండాలి.

సూర్యబింబపు కొలత ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అతి దగ్గరగా, 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జులై మొదటి వారంలో 15 కోట్ల 21 లక్షలకు చేరుతుంది. ఆ మేరకు బింబం 3 శాతానికి పైగా చిన్నదవుతుంది. 17వ శతాబ్దంలో ఈ చిన్న తేడా మీద ఒక పెద్ద వాదం నడిచింది. రుతువులతో పాటు సూర్యుడి వేగం మారినట్టు కనిపించడం అందరికీ తెలుసు. ఆ మార్పంతా దూరం వల్ల కలిగే భ్రమేనని పాత సిద్ధాంతం చెప్పింది. అదే నిజమైతే బింబం వ్యాసం ఇంతకు రెండింతలు, అంటే దాదాపు 7 శాతం, మారాలి. వేగంలో నిజమైన మార్పు కూడా ఉందని కెప్లర్ అన్నాడు. ఆయన లెక్క ప్రకారం బింబం మారవలసింది అందులో సగమే.

తీర్పు సూదిబెజ్జమే చెప్పింది. 1655లో ఖగోళవేత్త జొవాన్ని దొమెనికో కసీని ఇటలీలోని బొలోన్యా నగరంలో సాన్ పెత్రోనియో చర్చి పైకప్పులో, నేలకు 27 మీటర్ల ఎత్తున ఒక రంధ్రం ఏర్పాటు చేశాడు. దాని వెడల్పు ఆ ఎత్తులో సరిగ్గా వెయ్యో వంతు, అంటే 27 మిల్లీమీటర్లు. చర్చి నేల మీద ఉత్తర దక్షిణాలుగా 66 మీటర్లకు పైగా పొడవున్న గీత వేయించాడు. రోజూ మధ్యాహ్నం సూర్యబింబం ఆ గీతను దాటుతుంది. దాని వెడల్పును రుతువు తరువాత రుతువు కొలిచి, రంధ్రం వెడల్పును లెక్కలోంచి తీసేసి చూస్తే, బింబంలో మార్పు కెప్లర్ చెప్పినంతే వచ్చింది. ఆ గీత ఇప్పటికీ ఆ చర్చి నేల మీద ఉంది.

ఆ కొలతను చిన్న ఎత్తున మన ఇంట్లోనూ చేయవచ్చు. 5 మీటర్ల దూరం దొరికితే జనవరి బొమ్మకూ జులై బొమ్మకూ తేడా 1.6 మిల్లీమీటర్లు. బెజ్జం అదే, దూరం అదే, అంచును గుర్తించే కన్ను అదే అయినప్పుడు బెజ్జం తెచ్చే తప్పు రెండుసార్లూ సమానమే కనుక ఈ తేడా చెడదు. రేకును తీసి ఒక కవరులో భద్రపరచండి. దూరాన్ని, తేదీని, పెన్సిల్ గుర్తులున్న కాగితాన్ని దానితోనే ఉంచండి. జనవరి మొదటి వారంలో మొదటి కొలత తీయండి. జులైలో మన దగ్గర మబ్బులు ఎక్కువ కాబట్టి రెండో కొలతకు మే చివరి వారం మేలు. అప్పటికే భూమి తన అతి దూరానికి దగ్గరగా చేరి ఉంటుంది, ఎండకు కొరత ఉండదు.